మనవడి పుట్టినరోజు, మ్యూనిక్ తిరునాళ్ళు: తేదీ మార్చాలా, వద్దా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేనూ మావారూ ఇద్దరమూ పదవీ విరమణ చేశాం. మా అమ్మాయి, అల్లుడు జర్మనీలోని మ్యూనిక్‌లో, రీమ్ అనే ప్రాంతంలో ఉంటారు. మనవడు పోయిన ఏడాది సరిగ్గా దసరా రోజున, అక్టోబరు 2న పుట్టాడు. మొదటి పుట్టినరోజుకు దగ్గర ఉండాలని సెప్టెంబరు 26న బయలుదేరి అక్టోబరు 10న తిరిగి రావాలని అనుకున్నాం. హైదరాబాద్ నుంచి రానూపోనూ టికెట్ మనిషికి 1,04,000 చూపిస్తోంది. మా వియ్యపురాలు నవంబరు 5 వరకు వాళ్ళింట్లోనే ఉంటారు. ఇల్లు చిన్నది, హాల్లో సోఫా మీద ఇంకొకరు మాత్రమే సర్దుకోవచ్చు. అందుకని దగ్గర్లో హోటల్ చూస్తే 14 రాత్రులకు 3,100 యూరోలు అంటున్నారు. అల్లుడు రాత్రివారీగా రాసి పంపాడు: సెప్టెంబరు 26న 280, 29న 215, అక్టోబరు 5న 310, 8న 110, 15న 105. అదే గది! అక్టోబరు 13న వెళ్ళి 27న వస్తే టికెట్ కూడా 69,000 అట. ఆ ఊళ్ళో ఏదో పెద్ద ఉత్సవం ఉందని, రెండు వారాలు ఆగి రమ్మని అతను అంటాడు. ఆగేకొద్దీ ఇంకా పెరుగుతుంది, ముందు టికెట్లు కొనేసి తర్వాత మార్చుకుందామని మావారు అంటారు. అమ్మాయి మాత్రం "మొదటి పుట్టినరోజు ఒక్కసారే కదమ్మా" అని ఫోనులో ఏడ్చింది. మాకున్నది పింఛను డబ్బు. వీసాకు ఇంకా దరఖాస్తు చేయలేదు. ఏం చేయమంటారు?
— ఒక అమ్మమ్మ

జవాబు:

అమ్మా, మీ ఇంట్లో వాదన అంతా టికెట్ చుట్టూ తిరుగుతోంది. మీ అల్లుడు పంపిన ఆ ఐదు అంకెలను కాసేపు పక్కపక్కన పెట్టి చూడండి. ఎక్కువ డబ్బు పోతున్నది విమానంలో కాదు, గదిలో. అక్టోబరు 8న ఉన్న మామూలు ధరే 7, 9 తేదీలకూ అనుకుంటే, ఆ మూడు రాత్రులకు సుమారు 330 యూరోలు. మిగిలిన 11 రాత్రులకు దాదాపు 2,770 యూరోలు పడుతున్నాయి. ఆ 11 రాత్రులూ మామూలు ధరకే దొరికి ఉంటే 1,210 యూరోలతో సరిపోయేది. అంటే గదికి మీరు అదనంగా కట్టబోతున్నది 1,560 యూరోలు. యూరోను వంద రూపాయలుగా లెక్కేసుకున్నా లక్షన్నర దాటింది. టికెట్లలో తేడా ఇద్దరికీ కలిపి 70,000. ఈ రెండింటికీ కారణాలు వేరు. కాబట్టి విడివిడిగానే చూద్దాం.

ముందు గది సంగతి. ఆ ఊళ్ళో జరిగే ఉత్సవం ఆక్టోబర్‌ఫెస్ట్ అనే బీరు జాతర. పేరులో అక్టోబరు ఉన్నా, జరిగేది ఎక్కువగా సెప్టెంబరులోనే. సెప్టెంబరు 15 తర్వాత వచ్చే శనివారం మొదలై సాధారణంగా అక్టోబరు మొదటి ఆదివారం దాకా సాగుతుంది. 2026లో అది సెప్టెంబరు 19 నుంచి అక్టోబరు 4 వరకు. పేరు చూసి "అక్టోబరులో రద్దీ కాబట్టి సెప్టెంబరు చివర్లో వెళ్దాం" అనుకుని సరిగ్గా మధ్యలో దిగేవాళ్ళు చాలామంది ఉన్నారు. మ్యూనిక్ జనాభా పదిహేను, పదహారు లక్షలు. 2023లో ఆ ఉత్సవ మైదానానికి వచ్చినవారు 72 లక్షలు. మేడారం జాతర నాలుగు రోజుల్లో ఆ చుట్టుపక్కల గదుల పరిస్థితి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇది పదహారు రోజుల జాతర.

ఆ పదహారు రోజులూ ఒకే ధర ఉండదు. శుక్ర, శని రాత్రులు బాగా ఎక్కువ, సోమవారం నుంచి బుధవారం వరకు కాస్త తక్కువ. మధ్యలో వచ్చే వారాంతంలో ఇటలీ నుంచి జనం కార్లలో, బస్సుల్లో తరలివస్తారు. అక్కడివాళ్ళు దాన్ని ఇటలీవాళ్ళ వారాంతం అనే పిలుస్తారు. మీరు దిగాలనుకున్న సెప్టెంబరు 26 ఆ వారాంతపు శనివారమే. మీ అల్లుడి చీటీలో 26వ తేదీకి 280, మంగళవారమైన 29వ తేదీకి 215 ఉండటానికి కారణం ఇదే.

ఇక అక్టోబరు 5వ తేదీ చూడండి, 310 యూరోలు. ఉత్సవం 4న ముగిసిపోయింది కదా, మరి 5న అంతకంటే ఎక్కువ ఎందుకు? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పండుగ అయిపోయిన మర్నాటికి తేదీ జరిపి, గండం గడిచిందనుకుంటారు. మ్యూనిక్‌లో ప్రతి ఏడాదీ అక్టోబరు తొలి వారాల్లో ఎక్స్‌పో రియల్ అనే స్థిరాస్తి వ్యాపార ప్రదర్శన మూడు రోజులు జరుగుతుంది. సుమారు 40 వేల మంది వస్తారు. 2024లో ఉత్సవం అక్టోబరు 6న ముగిసింది, ఈ ప్రదర్శన 7న మొదలైంది. 2025లో ఉత్సవం 5న ముగిస్తే ఇది 6న మొదలైంది. ఈసారి కూడా ధర చూస్తే అదే వరుస కనిపిస్తోంది. పైగా అది జరిగే ప్రదర్శనశాల, మెస్సె మ్యూనిక్, ఉన్నది మీ అల్లుడు ఉండే రీమ్‌లోనే. అందుకే ఊరి మధ్యలో జరిగే జాతర కంటే, వాళ్ళింటి పక్కన జరిగే వ్యాపార సభ ఆ హోటల్ ధరను ఎక్కువ ఎగదోసింది. కంపెనీ డబ్బుతో వచ్చేవారు 310 యూరోలకు వెనకాడరు, వాళ్ళకు ఉదయం నడిచి హాలుకు చేరడం ముఖ్యం.

కాబట్టి తేదీ జరపాలంటే ఉత్సవం తేదీలు ఒక్కటే తెలిస్తే చాలదు. మెస్సె మ్యూనిక్ వెబ్‌సైట్‌లో ప్రదర్శనల క్యాలెండర్ ఉంటుంది, అది చూడమని అల్లుడికి చెప్పండి. దానికంటే తేలికైన పరీక్ష మీ అల్లుడు తనకు తెలియకుండానే సగం చేశాడు. ఒకే హోటల్, ఒకే రకం గది తీసుకుని, ఒక్కో రాత్రికి ఎంతో ఐదారు వారాలపాటు వరుసగా రాయాలి. మొత్తం 14 రాత్రులకు కలిపి అడిగితే ఈ తేడా కనపడదు, సగటులో కలిసిపోతుంది. రాత్రివారీగా రాస్తే ఎగుడుదిగుళ్ళు తెలుస్తాయి. రెట్టింపు ధర ఉన్న రాత్రుల దగ్గర ఏదో సభో, ఆటల పోటీయో, కచేరీయో ఉన్నట్టే, దాని పేరు మనకు తెలియకపోయినా సరే. ఆ చీటీలో 8వ తేదీకి ధర నేలకు దిగింది. అంటే మీరు నాలుగైదు రోజులు జరిపితే చాలదు, అక్టోబరు 7 దాటాలి.

ఇక విమానం. ఇక్కడ నిజం చెప్పాలంటే ఆక్టోబర్‌ఫెస్ట్ తప్పు తక్కువ. ఆ జాతరకు యూరప్ నుంచీ అమెరికా నుంచీ వచ్చేవాళ్ళతో పోలిస్తే హైదరాబాద్ నుంచి వెళ్ళేవారు కొద్దిమందే. మీరు వెళ్ళే విమానాన్ని నింపేది మన పిల్లలు. జర్మనీ విశ్వవిద్యాలయాల్లో శీతకాలపు సెమిస్టర్ అక్టోబరు 1న మొదలవుతుంది. సెప్టెంబరు చివరి రెండు వారాలు శంషాబాద్‌లో రాత్రిపూట నిలబడి చూస్తే, రెండేసి పెద్ద పెట్టెలు తోసుకుంటూ పిల్లలు, వాళ్ళను సాగనంపడానికి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. పచ్చళ్ళ డబ్బాకు ఇంకో కవరు చుట్టమని చెప్పే తల్లులు, పెట్టె బరువు ఒక కిలో ఎక్కువైందని నేల మీద కూర్చుని బట్టలు తీసి సర్దే తండ్రులు. ఆ గుంపుతో పాటే మీరూ వెళ్ళాలనుకున్నారు.

తిరుగు ప్రయాణంలో ఇంకో గుంపు. ఈ ఏడాది దసరా అక్టోబరు 20న. దానికి ముందు పది రోజులు యూరప్ నుంచి మన వైపు వచ్చే విమానాలు పండుగకు ఇళ్ళకు చేరేవాళ్ళతో నిండుతాయి. మీరు అనుకున్న 10వ తేదీ శనివారం, సరిగ్గా అదే సమయం. అంటే వెళ్ళేటప్పుడు వెళ్ళేవాళ్ళ రద్దీలో, వచ్చేటప్పుడు వచ్చేవాళ్ళ రద్దీలో పడుతున్నారు. అక్టోబరు 13న వెళ్ళి 27న వస్తే రెండు వైపులా గుంపుకు ఎదురు వెళ్తారు. పండుగకు జనం ఇటు వస్తుంటే మీరు అటు వెళ్తారు. పండుగ ముగిసి వాళ్ళు అటు తిరిగి వెళ్ళే రోజుల్లో మీరు ఇటు వస్తారు. 1,04,000 కాస్తా 69,000 కావడంలో మర్మం ఇదే.

ధర ఎలా పెరుగుతుందో కూడా కొంచెం తెలిస్తే మీవారి మాటకు జవాబు దొరుకుతుంది. నేను చాలా ఏళ్ళు టికెట్ల పనిలో ఉన్నాను, కాబట్టి లోపలి సంగతి చెబుతాను. ఎకానమీలో అందరూ ఒకే రకం సీటులో కూర్చున్నా, ఆ సీట్లను విమాన సంస్థ పది పన్నెండు ధరల తరగతులుగా విడదీసి అమ్ముతుంది. రద్దీ ఉండదనుకున్న రోజున తక్కువ తరగతులు చివరి వారాల దాకా తెరిచి ఉంటాయి. రద్దీ ఖాయమని తెలిసిన రోజున వాటిని నెలల ముందే మూసేస్తారు. దసరా ఎప్పుడో, సెమిస్టర్ ఎప్పుడో వాళ్ళకు ముందే తెలుసు. రానూపోనూ టికెట్ ధర చాలా వరకు రెండు సగాల కూడిక. వెళ్ళే విమానంలో ఏ తరగతి మిగిలిందో దాని సగం, వచ్చే విమానంలో ఏ తరగతి మిగిలిందో దాని సగం. అందువల్ల ఒక వైపు తేదీ మార్చినా సగం లాభం రావచ్చు. Google Flights లో ఈ మార్గం తేదీలు పెట్టి Date grid నొక్కితే ఒక పక్కన వెళ్ళే తేదీలు, ఇంకో పక్కన తిరిగి వచ్చే తేదీలతో ఒక పట్టిక వస్తుంది. వెళ్ళే తేదీ ఒకటి పట్టుకుని, తిరిగి వచ్చే తేదీలన్నిటి ధరలూ చూడండి. అన్నీ ఎక్కువే ఉంటే తప్పు వెళ్ళే తేదీది. కొన్నిచోట్ల ఒక్కసారిగా దిగితే తప్పు తిరిగి వచ్చే తేదీది. మార్చవలసింది ఏదో అలా తెలుస్తుంది. ఇంకొక చిన్న మాట: ముందు ఒక మనిషికి వెతికి, తర్వాత ఇద్దరికి వెతకండి. తక్కువ తరగతిలో ఒకే సీటు మిగిలి ఉంటే, ఇద్దరికి అడిగినప్పుడు ఇద్దరికీ పై తరగతి ధరే చూపిస్తుంది. అలాంటప్పుడు విడివిడిగా కొంటే ఒకరికైనా తక్కువ పడుతుంది.

మీవారు చెప్పినదాంట్లో సగం సరైనదే. సెప్టెంబరు 26కే వెళ్ళాలని ఖాయం చేసుకుంటే ఆగడం వల్ల లాభం లేదు. ఆ రోజుల టికెట్లు దిగిరావడం అరుదు. కానీ "కొనేసి తర్వాత మార్చుకుందాం" అన్నది మాత్రం ఖరీదైన దారి. మార్చుకునేటప్పుడు మార్పు రుసుము ఒకటి, దానిపై ఆ రోజున కొత్త తేదీకి ఉన్న ధరకూ మీరు కట్టిన ధరకూ ఉన్న తేడా ఇంకొకటి. ఖరీదైన తేదీ నుంచి చవకైన తేదీకి మారితే మిగిలిన డబ్బు వెనక్కి ఇవ్వాలనే నియమం చాలా టికెట్లలో ఉండదు. అంటే 1,04,000 కట్టి 69,000 ప్రయాణం చేసినట్టవుతుంది.

ఇప్పుడు అమ్మాయి కన్నీళ్ళ సంగతి. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచినది ఆ మాటే. మొదటి పుట్టినరోజు ఒక్కసారే, నిజం. అయితే మీ మనవడు దసరా నాడు పుట్టాడని మీరే రాశారు. పోయిన ఏడాది విజయదశమి అక్టోబరు 2న వచ్చింది. ఈ ఏడాది జ్యేష్ఠం అధికమాసం రావడంతో పండుగలన్నీ వెనక్కి జరిగాయి, విజయదశమి అక్టోబరు 20న, మంగళవారం వచ్చింది. తిథి ప్రకారం బాబు మొదటి పుట్టినరోజు ఆ రోజే. ఇది డబ్బు కోసం కల్పించుకున్న సాకు కాదు. మన ఇళ్ళల్లో పిల్లల పుట్టినరోజు తిథి ప్రకారం తలంటి, కొత్త బట్టలు కట్టి, హారతి ఇచ్చే అలవాటు ఉన్నదే. జర్మనీ సమయానికి దశమి ఘడియలు కొంచెం మారవచ్చు, కాబట్టి మీ పురోహితుణ్ణి మ్యూనిక్ సమయానికి లెక్క కట్టి చెప్పమని అడగండి.

ఇక మీ ముందున్న దారులు.

ఒకటి, అక్టోబరు 2నే పట్టుకోవడం. అమ్మాయి మనసులో ఆ తేదీ బలంగా ఉంటే ఇది తప్పేమీ కాదు. అయితే ఖర్చును విరగ్గొట్టే మార్గాలు చూడాలి. రీమ్‌లో కాకుండా ఆగ్స్‌బుర్గ్‌లో గది తీసుకోవచ్చు. అది మ్యూనిక్‌కు 60 కిలోమీటర్ల దూరం, ప్రాంతీయ రైలులో ముప్పావు గంట. ఉత్సవం రోజుల్లో అక్కడ కూడా ధర పెరుగుతుంది, ముఖ్యంగా వారాంతాల్లో, కానీ రీమ్ అంత ఉండదు. ఆ రైళ్ళకు డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెలవారీ పాసు పనికొస్తుంది, మనిషికి 63 యూరోలు. అది క్యాలెండర్ నెల లెక్క. మీరు సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 10 దాకా ఉంటే రెండు నెలలకూ కట్టాలి, ఇద్దరికీ 252 యూరోలు. పైగా ఆ నెల 10వ తేదీలోపు రద్దు చేయకపోతే తర్వాతి నెలకు కూడా తీసుకుంటారు. ఆ రైళ్ళలో రాత్రిపూట జాతర నుంచి తిరిగి వెళ్ళే జనంతో నిలబడటానికి చోటుండదు. మీవారి మోకాళ్ళు ఎలా ఉన్నాయో మీకు తెలియాలి. రోజూ రానూపోనూ గంటన్నర, అటూ ఇటూ నడక కలిపితే రెండున్నర గంటలు మనవడికి దూరంగా గడుస్తాయి.

ఇదే దారిలో ఇంకో పద్ధతి ఉంది, మీరు ఆలోచించి ఉండరు. సోఫా మీద ఒకరు సర్దుకోవచ్చన్నారు కదా. మీరొక్కరూ సెప్టెంబరు 29న, మంగళవారం, వెళ్ళండి. మీవారు అక్టోబరు 13న వస్తారు. ఆయన వచ్చాక ఇద్దరూ హోటల్‌కు మారి, 27న కలిసి తిరిగి రండి. రద్దీ రోజుల గది ఖర్చు పూర్తిగా తప్పుతుంది. వెళ్ళే వైపు రద్దీ ధర మీ ఒక్కరి సగానికే పడుతుంది. ఇంగ్లీషు తేదీ పుట్టినరోజుకు అమ్మమ్మ ఉంటుంది, దసరాకు తాతయ్య కూడా చేరతాడు. కష్టం ఏమిటంటే మీరు మొదటిసారి అంత దూరం ఒంటరిగా వెళ్ళాలి, రెండు వారాలు సోఫా మీద పడుకోవాలి, వియ్యపురాలితో ఒకే ఇంట్లో మెలగాలి. మీ ఇద్దరి మధ్య పొత్తు ఎలా ఉందో మీకే తెలుసు. ఒంటరి ప్రయాణం గురించి భయపడకండి. ఆ వారం మీ విమానంలో తెలుగు మాట్లాడే పిల్లలు ఎంతోమంది ఉంటారు, విమానం మారేచోట వాళ్ళ వెంట నడిస్తే చాలు. అన్నట్టు, విమానాశ్రయంలో వీల్‌చైర్ సహాయం అడిగితే అదనపు రుసుము ఉండదు. కొనేటప్పుడే నమోదు చేయించుకుంటే ఒక మనిషి వెంట ఉండి తర్వాతి గేటు దాకా తీసుకెళ్తారు.

రెండు, అల్లుడు చెప్పిన అక్టోబరు 13 నుంచి 27. టికెట్లలో 70,000, గదిలో దాదాపు 1,600 యూరోలు, మొత్తం కలిపితే రెండు లక్షల ముప్పై వేల దాకా మిగులుతుంది. రైలు పాసు అవసరమైనా ఒకే నెలలో సరిపోతుంది. తిథి పుట్టినరోజుకు ఇద్దరూ ఉంటారు, వియ్యపురాలు కూడా ఉంటారు. పోయేది అక్టోబరు 2 సాయంత్రం. ఆ రోజు కేకు కోసేటప్పుడు మీరు ఫోనులోనే చూడాలి. అమ్మాయికి ఇది నష్టమే, దాన్ని చిన్నది చేసి మాట్లాడకండి. ఈ తేదీల్లో ఒక జాగ్రత్త: తిరుగు ప్రయాణాన్ని ఇంకో వారం పొడిగించాలని అనిపిస్తుంది. నవంబరు 8న దీపావళి. దానికి ముందు వారం మళ్ళీ మన వైపు రద్దీ మొదలవుతుంది. పైగా నవంబరు మొదటి వారంలో మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో బడులకు సెలవులు, అక్కడివాళ్ళు కూడా ప్రయాణాలు పెట్టుకుంటారు. పొడిగిస్తే రెండు మూడు రోజులు, లేదంటే దీపావళి దాటేదాకా. మధ్యలో ఆగకండి.

మూడు, దీపావళి ఇంట్లో చేసుకుని నవంబరు 17 ప్రాంతంలో వెళ్ళి డిసెంబరు మొదటి రోజుల్లో తిరిగి రావడం. వియ్యపురాలు 5న వెళ్ళిపోతారు కాబట్టి హోటలే అక్కర్లేదు. విమానాలకు కూడా అది ఖాళీ కాలం. డిసెంబరు మధ్య నుంచి క్రిస్మస్ సెలవుల రద్దీ మొదలవుతుంది, దానికి ముందే వచ్చేస్తారు. డబ్బు లెక్కలో దీన్ని మించింది లేదు. కానీ ఏ లెక్కలోనూ పుట్టినరోజు ఉండదు. మధ్యాహ్నం నాలుగున్నరకే చీకటి పడుతుంది, చలి ఎముకలు కొరుకుతుంది, ఎక్కువసేపు ఇంట్లోనే గడపాలి. ఏడాది దాటిన మనవడితో రోజంతా ఇంట్లో గడపడం మీకు కష్టమనిపించకపోతే అది వేరే మాట.

నా మనసు రెండో దారి వైపు, లేదా మీరు ముందు ఒంటరిగా వెళ్ళే పద్ధతి వైపు మొగ్గుతోంది. ఎందుకంటే మీరు అదనంగా కట్టబోయే డబ్బులో ఎక్కువ భాగం బాబు కోసం కాదు, ఎవరో బీరు తాగడానికీ, ఇంకెవరో భవనాలు అమ్ముకోవడానికీ వచ్చిన రోజుల్లో గది కావలసి వచ్చినందుకు. కానీ ఇది మీ నలుగురి నిర్ణయం.

ఒక్క విషయం మాత్రం వరుస తప్పకూడదు. వీసాకు దరఖాస్తు చేయలేదని రాశారు, మంచిదైంది. అల్లుడు ఇచ్చే ఆహ్వాన పత్రం, ప్రయాణ బీమా, టికెట్ రిజర్వేషన్, అన్నిటి మీదా ఒకే తేదీలు ఉండాలి. జర్మనీ వెళ్ళడానికి మీరు తీసుకునే షెంగెన్ వీసా మీరు చెప్పిన తేదీలను బట్టే ఇస్తారు. సెప్టెంబరు 26 అని చెప్పి వీసా తీసుకున్నాక అక్టోబరు 27 దాకా ఉండాలనుకుంటే ఆ వీసా సరిపోకపోవచ్చు, మళ్ళీ మొదటి నుంచి రావాలి. దరఖాస్తు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇవ్వవచ్చు, కాబట్టి తొందర పడాల్సినది తేదీ తేల్చుకోవడంలో. తేదీ తేలేదాకా టికెట్‌కు పూర్తి డబ్బు కట్టకండి. గది మాత్రం ఈరోజే, ఉచితంగా రద్దు చేసుకునే వీలున్నది చూసి, అక్టోబరు 13 నుంచి 27కి ఒకటి పట్టి ఉంచమని అల్లుడికి చెప్పండి. రద్దుకు ఆఖరి తేదీ ఏదో చదివి మీ క్యాలెండర్ మీద రాసుకోండి. ఉత్సవం రోజుల గదులకు చాలా హోటళ్ళు ఈ వీలు ఇవ్వవు, మామూలు రోజుల గదులకు ఇస్తాయి.

అమ్మాయితో మాట్లాడేటప్పుడు ధరల దగ్గర మొదలుపెట్టకండి. ఈ ఏడాది దసరా అక్టోబరు 20న వచ్చిందని, బాబుకు తలంటు మీ చేతుల మీదుగా పోయాలని ఉందని చెప్పి, ఆమె ఏమంటుందో వినండి. అప్పటికీ అక్టోబరు 2నే కావాలంటే సెప్టెంబరు 29 మంగళవారానికి ఒక మనిషికి టికెట్ ఎంతో చూడండి.